క్రియాపదం మారితే ప్రశ్న మారుతుందా?

పదో తరగతి సాంఘిక శాస్త్రం పేపర్లో ఈ ప్రశ్న వచ్చిందనుకోండి: ‘మన్యం తిరుగుబాటుకు కారణాలను విశ్లేషించండి.’ 1882 మద్రాసు అటవీ చట్టం, పోడు వ్యవసాయంపై ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి... ఇలా గైడులో ఉన్న వరుసలోనే తరగతి అంతా రాసేస్తుంది. ప్రశ్నలో ‘విశ్లేషించండి’ అని ఉంది. పిల్లలు చేసింది మాత్రం గుర్తు తెచ్చుకోవడమే.

బి.ఇడి. చదివినవాళ్లందరికీ బ్లూమ్ వర్గీకరణ పరిచయమే. చాలామందికి అది ఆరు మెట్ల పిరమిడ్‌గా, క్రియాపదాల పట్టికగా గుర్తుంటుంది. అసలు పుస్తకంలో పిరమిడ్ లేదు. దాని పుట్టుక కూడా పరీక్షల అవసరం నుంచే. అమెరికా విశ్వవిద్యాలయాల్లో పరీక్షలు తయారుచేసేవాళ్లు 1948లో బోస్టన్‌లో కలిశారు. ప్రశ్నలను ఒకరితో ఒకరు పంచుకోవాలంటే, ఏ ప్రశ్న ఏ రకం ఆలోచనను పరీక్షిస్తుందో చెప్పే ఉమ్మడి భాష కావాలనుకున్నారు. బెంజమిన్ బ్లూమ్ సంపాదకత్వంలో 1956లో పుస్తకం వచ్చింది. 2001లో ఆండర్సన్, క్రాత్వాల్ బృందం దాన్ని సవరించి ఆరు స్థాయిలకూ క్రియల పేర్లు పెట్టింది: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, వినియోగించడం, విశ్లేషించడం, మూల్యాంకనం చేయడం, సృజించడం. 1956 నాటి పుస్తకంలోనే ఒక హెచ్చరిక ఉంది. విద్యార్థి అంతకుముందు ఏం చదివాడో తెలియకుండా ప్రశ్న స్థాయిని నిర్ణయించలేం. పట్టికల్లోకి ఎక్కనిది ఈ మాటే.

అభ్యసన ఫలితాలు రాసేటప్పుడు దీన్ని ఎలా పట్టుకోవాలో మన్యం పాఠంతోనే చూద్దాం. ‘విద్యార్థి మన్యం తిరుగుబాటును అర్థం చేసుకుంటాడు’ అని పాఠ పథకంలో రాస్తే, అర్థమైందో లేదో బయటికి కనిపించేదెలా? దాన్ని ఇలా మార్చవచ్చు: ‘అటవీ చట్టం వల్ల పోడు రైతు ఏడాది పొడుగునా ఏమేం కోల్పోయాడో పాఠం చూడకుండా సొంత మాటల్లో చెబుతాడు.’ ఇది విని సరిచూడగలిగే పని. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడి, 1924 మే 7న సీతారామరాజు మరణం వంటివి గుర్తుంచుకోవాల్సినవి. వాటికి ఒక చిన్న నోటి పరీక్ష చాలు.

చరిత్ర టీచర్లు ఎక్కువగా తడబడేది వినియోగం దగ్గర. లెక్కల్లో అయితే సూత్రం ఉంటుంది, కొత్త లెక్కలో వాడితే వినియోగం. చరిత్రలో సూత్రమేది? ఆధారాన్ని చదివే పద్ధతే ఆ సూత్రం: ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరి కోసం, ఏ అవసరంతో. ఈ నాలుగు ప్రశ్నలను ఒక దస్తావేజుపై తరగతిలో చేసి చూపించి, పిల్లలు చూడని మరో దస్తావేజు చేతికిస్తే అది వినియోగం. అప్పటి పోలీసు నివేదికలో ‘దొంగల ముఠా’ లాంటి మాట కనిపిస్తే, ఆ మాట ఎవరి చూపును మోస్తోందో విడదీసి చెప్పడం విశ్లేషణ. అన్నట్టు, మనం గొప్ప ప్రశ్న అనుకునే ‘పోల్చండి’ని 2001 సవరణ విశ్లేషణలో కాదు, అర్థం చేసుకోవడంలో పెట్టింది.

మూల్యాంకనానికి కొలబద్ద ఉండాలి. ‘సీతారామరాజు గొప్పతనాన్ని అంచనా వేయండి’ అంటే పొగడ్తల వ్యాసం వస్తుంది. దాని బదులు ‘సీతారామరాజు గాంధేయవాది’ అనే వాక్యాన్ని బోర్డు మీద రాయండి. ఆయన గాంధీని మెచ్చుకున్నాడు, ఖద్దరు కట్టమన్నాడు, తాగుడు మానమన్నాడు. బలప్రయోగం లేకుండా స్వాతంత్ర్యం రాదనీ అన్నాడు. ఈ మూడు నాలుగు ఆధారాల్లో దేనికి ఎక్కువ బరువు ఇస్తారు, ఎందుకు? వాక్యం నిలుస్తుందా, సవరించాలా? కొలబద్ద ఆధారాలకు సరిపోవడమే కాబట్టి ఇద్దరు పిల్లలు వేర్వేరు జవాబులు రాసినా ఇద్దరికీ పూర్తి మార్కులు పడవచ్చు.

సృజన పేరుతో నెట్‌లోని బొమ్మను చార్టు మీద దించడం మన బడుల్లో మామూలే. అది దించుడు, అంతే. అయిదు వస్తువులతో మన్యం ప్రదర్శన ఒకటి ఊహించి, ఏ వస్తువు ఎందుకో ఒక్కో చీటీ రాయమంటే పిల్లవాడు నిజంగా ఏదో కట్టాలి.

అయితే ఇవన్నీ కింది నుంచి పైకి వరుసగా ఎక్కాల్సిన మెట్లు కావు. తేదీలన్నీ కంఠస్థమయ్యాకే ఆధారాలు చూపిస్తామంటే ఆ రోజు రాదు. చాలాసార్లు గాంధేయవాది వాదనలో గెలవడానికే పిల్లలు తేదీలు వెతుక్కుంటారు.

ఇంకో చిక్కు: ఈ ఏడాది మూల్యాంకనమైన ఆ ప్రశ్న, మంచి జవాబును నోట్సులో రాయించిన మరుక్షణం జ్ఞాపక పరీక్ష అయిపోతుంది. కాబట్టి ఫలితం రాసేటప్పుడు క్రియాపదం పక్కనే ‘తరగతిలో చూడని ఆధారంతో’ అని చేర్చాలి. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నలభై మందీ అవే పాయింట్లు అదే వరుసలో రాశారంటే, పథకంలో ఏం రాసుకున్నా, పరీక్షించింది మొదటి స్థాయినే.