Z తీసేస్తే ఐదున్నర గంటలు గల్లంతు

ఒక కాలేజీ దరఖాస్తులకు గడువు 2025 మార్చి 31 అర్ధరాత్రి అనుకుందాం. విజయవాడలో ఒక అమ్మాయి రాత్రి పన్నెండు దాటిన పది నిమిషాలకు, అంటే ఏప్రిల్ 1న దరఖాస్తు పంపింది. సర్వర్ దాన్ని ఇలా రాసుకుంది:

```
2025-03-31T18:40:00Z
```

ముందున్న తేదీ ఒక్కటే చూసే గుమాస్తా గడువులోపే వచ్చిందంటాడు. అది పొరపాటు. ఏడాది, నెల, రోజు తర్వాత వచ్చే T అక్కడినుంచి సమయం మొదలైందని చెబుతుంది. చివరి Z ఆ సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతా ప్రమాణంగా పెట్టుకున్న గడియారంలో, ఉందని చెబుతుంది. విమానయానంలో దీన్నే జులూ టైమ్ అంటారు. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. 18:40కి అయిదున్నర గంటలు కలిపితే అర్ధరాత్రి దాటి పది నిమిషాలు. తేదీ కూడా మారిపోయింది.

అదే క్షణాన్ని మరో రెండు రకాలుగానూ రాయొచ్చు:

```
2025-04-01T00:10:00+05:30
2025-03-31T13:40:00-05:00
```

మొదటిది విజయవాడ గడియారం, రెండోది ఆ రోజున డల్లాస్ గడియారం. ఇక్కడే చాలామంది తడబడతారు. +05:30 కనిపించగానే ఆ గంటల్ని కలపాలనుకుంటారు. కలపడం అప్పటికే అయిపోయింది. రాసి ఉన్నది స్థానిక సమయమే. యూటీసీ కావాలంటే ప్లస్ ఉన్నచోట తీసేయాలి, మైనస్ ఉన్నచోట కలపాలి.

మనిషి తప్పు చదివితే మరొకరు చూసి దిద్దగలరు. ప్రోగ్రామ్ తప్పు చదివితే చాలాకాలం ఎవరికీ తెలియదు. పైథాన్‌లో తరచూ కనిపించే ఈ వరుస చూడండి:

```python
datetime.strptime(s, "%Y-%m-%dT%H:%M:%SZ")
```

చివరి Z ముందు శాతం గుర్తు లేదు. కాబట్టి పైథాన్ అక్కడ Z అనే అక్షరం ఉందో లేదో చూస్తుందంతే, దాని అర్థాన్ని పట్టించుకోదు. చేతికొచ్చేది 18:40 అనే అంకె మాత్రమే. ఏ గడియారం ప్రకారమో దానికి తెలియదు. ఆ తర్వాత `.timestamp()` పిలిస్తే, అది నడుస్తున్న కంప్యూటర్ స్థానిక సమయమని భావిస్తుంది. గడియారం యూటీసీలో ఉన్న సర్వర్ మీద జవాబు సరిగ్గానే వస్తుంది. అదే ప్రోగ్రామ్ హైదరాబాద్‌లోని ల్యాప్‌టాప్‌లో నడిస్తే 19,800 సెకన్లు తక్కువ వస్తుంది. మన దేశంలో లెక్క సరిగ్గా అయిదున్నర గంటలు తేడా వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. మందు చిన్నదే: Z బదులు `%z` రాస్తే పైథాన్ 3.7 నుంచీ అది Zనీ, +05:30నీ అర్థం చేసుకుంటుంది.

దీనికి తోడు మరో చెడ్డ అలవాటుంది. పైథాన్ 3.11కి ముందు `fromisoformat` Zని చూస్తే ఒప్పుకోక ఎర్రర్ ఇచ్చేది. దాన్ని వదిలించుకోవడానికి కొందరు Zని చెరిపేశారు. ఎర్రర్ పోయింది, దాంతోపాటు సమయం అర్థమూ పోయింది. Z స్థానంలో `+00:00` పెట్టి ఉంటే ఏ నష్టమూ ఉండేది కాదు. నా ఉద్దేశంలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే ప్రోగ్రామే నయం, తప్పు జవాబిచ్చి నడిచిపోయేదానికంటే.

రాసేటప్పుడు వచ్చే చిక్కు ఇంకొకటి. +05:30ని వెబ్ చిరునామాలో ప్రశ్న గుర్తు తర్వాతి భాగంలో పెడితే, చాలా సర్వర్లు ప్లస్‌ను ఖాళీగా చదువుతాయి. అక్కడ `%2B` అని రాయాలి, లేదా సమయాన్ని Zతోనే పంపాలి.

పుట్టినరోజుల సంగతి వేరు. జావాస్క్రిప్ట్‌లో `new Date("2025-04-01")` అంటే యూటీసీ అర్ధరాత్రి. మన దగ్గర అది అదే రోజు ఉదయం అయిదున్నర కనుక తేదీ సరిగ్గా కనిపిస్తుంది. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య ఫోన్‌లో మాత్రం అది మార్చి 31 సాయంత్రం ఏడు గంటలు, అంటే చెల్లెలి పుట్టినరోజు ఒకరోజు ముందే వచ్చేసింది. హైదరాబాద్‌లో కూర్చుని ఎంత పరీక్షించినా ఈ తప్పు బయటపడదు. పుట్టినతేదీ ఒక క్షణం కాదు, తేదీ మాత్రమే. దాన్ని తేదీగానే దాచాలి, గంటలు అంటించకూడదు.

ఇలాంటి ప్రోగ్రామ్ రాసేవారు రెండు పరీక్షలు తప్పకుండా చేయండి. మన సమయం ప్రకారం అర్ధరాత్రి దాటిన పది నిమిషాల టైమ్‌స్టాంప్ ఒకటి ఇచ్చి చూడండి. కంప్యూటర్ టైమ్‌జోన్‌ను `America/Chicago`కి మార్చి మరోసారి నడిపి చూడండి.