ఫ్రిజ్ వారంటీ కార్డును తెలుగు చేయడం

ఫ్రిజ్ వారంటీ కార్డులో తరచుగా రెండు గడువులుంటాయి: మొత్తం ఫ్రిజ్‌కు ఏడాది, కంప్రెసర్‌కు 10 ఏళ్లు. దీన్ని ‘10 ఏళ్ల వారంటీ’ అని కుదించడం కొనుగోలుదారును మోసగించడమే. నాలుగో ఏట కంప్రెసర్ పాడైతే చాలా కార్డుల ప్రకారం ఆ భాగం మాత్రమే ఉచితం. మూల కార్డు అలా చెబితే అనువాదం కూడా విడమరచి చెప్పాలి: ‘రెండో ఏడాది నుంచి కంప్రెసర్ మాత్రమే ఉచితంగా ఇస్తాం. గ్యాస్, మెకానిక్ చార్జీ, రవాణా ఖర్చులు మీరే భరించాలి.’

క్లెయిమ్ మెట్లు చేసే వరుసలోనే రావాలి: బిల్లు, సీరియల్ నంబరు సిద్ధం చేసుకోవడం, సర్వీసు కేంద్రానికి ఫోన్ చేయడం, ఫిర్యాదు నంబరు రాసుకోవడం.

మినహాయింపుల్లో క్రియాపదమే కీలకం. బయటి మెకానిక్ విప్పితే వారంటీ ‘రద్దవుతుంది’ అన్నచోట ‘రద్దు కావచ్చు’ అని మెత్తబరచకూడదు.