అయిదు పాళ్ల సిమెంటు, అడుగున్నర పునాది

పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో 1989-92 మధ్య విజిటర్స్ సెంటర్ కట్టారు. ఎర్రమట్టిని ప్రెస్‌లో నొక్కి, కాల్చకుండా చేసిన ఇటుకలతో కట్టిన భవనమది. ఈశాన్య రుతుపవనాల వానలు ఏటా కురిసే చోటే నిలబడింది. అక్కడ ఇలాంటి ఇటుకలకు సాధారణంగా కలిపేది నూటికి అయిదు పాళ్ల సిమెంటు. 24 సెంటీమీటర్ల చదరం, 9 సెంటీమీటర్ల మందం ఉన్న ఇటుకలైతే, ఒక బస్తా సిమెంటుకు సుమారు వంద వస్తాయి.

అయితే ఆ అయిదు పాళ్లు పనిచేయాలంటే ముందు మట్టి సరైనది కావాలి. పైమట్టిలో వేర్లు, ఆకుల కుళ్లు ఉంటాయి కనుక దాన్ని తీసేసి కిందిది తవ్వాలి. గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి ఒక రోజు కదపకుండా ఉంచండి. ఇసుక నిమిషంలోనే అడుగున చేరుతుంది, దాని మీద ఒండ్రు, అన్నిటికన్నా పైన బంకమన్ను పేరుకుంటాయి. సగం వరకు ఇసుక, ఆరో వంతు బంక ఉంటే నిశ్చింతగా ఇటుకలు చేయవచ్చు. బంక ఎక్కువైతే చాలామంది సిమెంటు పెంచుతారు. అది డబ్బు దండగ. ఇసుక కలపడమే సరైన మందు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బీటలిస్తుంది. దానికి సిమెంటు పట్టు చాలదు. బంక మరీ ఎక్కువున్న మట్టికి సున్నం నయం, కానీ అది గట్టిపడడానికి ఎక్కువ కాలం పడుతుంది.

నీళ్లు ఎంత పోయాలో చెయ్యే చెబుతుంది. కలిపిన మట్టిని ముద్ద చేసి నడుమెత్తు నుంచి జారవిడవండి. నాలుగైదు పెళ్లలుగా విరిగితే సరిపోయినట్టు. చదునుగా అతుక్కుంటే తడి ఎక్కువ, పొడిపొడి అయితే తక్కువ. సిమెంటు కలిపిన మట్టిని వెంటనే వాడేయాలి. పొద్దున్న కలిపింది మధ్యాహ్నం నొక్కితే పట్టు ఉండదు. నొక్కిన ఇటుకలను నీడలో పేర్చి, పట్టా కప్పి, నెల వరకు చెమ్మ ఆరకుండా తడపాలి. ఈ తడపడం మానేసినందుకే ఎన్నో మంచి ఇటుకలు పాడవుతాయి. ఆరాక ఒకదాన్ని రాత్రంతా నీళ్లలో ముంచండి. అంచులు కరిగితే ఆ బ్యాచ్ గోడకు పనికిరాదు.

దిమ్మిస కొట్టిన గోడకూ మట్టి ఎంపిక దాదాపు ఇదే. చెక్క పలకల మధ్య జానెడు లోపు మందాన మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి, దాని మీద మరో పొర వేస్తారు. అయితే గోడ కట్టేటప్పుడే వాన పడితే పైపొర కరిగి, అతుకు బలహీనపడుతుంది. అందుకే ప్రతి సాయంత్రం గోడ నెత్తిన పట్టా కప్పాలి.

మట్టి గోడకు వాన దెబ్బ ఎక్కువగా తగిలేది కింది అడుగులోనే. చూరు నీళ్లు నేల మీద పడి చిమ్మి, గోడను కొద్దికొద్దిగా తింటాయి. రాతి పునాది నేలకు అడుగున్నర పైకి తీసి, దాని మీద చెమ్మ ఎక్కకుండా సిమెంటు పట్టీ వేసి, చూరును రెండడుగులు ముందుకు దింపితే చాలావరకు భయం తీరుతుంది. గోడ అడుగున తెల్ల ఉప్పు పూసి, గోరుతో గీరితే పొడి రాలుతుంటే చెమ్మ కింది నుంచి ఎక్కుతోందని అర్థం. అప్పుడు దాని మీద సిమెంటు పూత వేస్తే చెమ్మ లోపలే చిక్కి, పూత పెళ్లలుగా ఊడిపోతుంది. ముందు నీళ్లు పోయే దారి చూసి, గోడ ఆరాక సున్నం పూత వేయాలి.