94 రూపాయల బాండుకు మూడు రేట్లు: ఏది రాబడి?

ప్రభుత్వ రుణపత్రం ఒకటి బేరానికి వచ్చినపుడు దానిమీద రాబడి ఎంత అని అడిగితే మూడు జవాబులు రావచ్చు. మూడూ నిజమే గాని, మూడూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. పత్రం ముఖవిలువకే దొరుకుతున్నంతకాలం ఈ చిక్కు లేదు, మూడు అంకెలూ ఒకటిగానే ఉంటాయి. ధర ముఖవిలువ కన్న దిగి డిస్కౌంటులో అమ్ముడవుతున్నపుడు అవి విడిపోతాయి. సరుకు వ్యాపారంలో ఆరితేరిన వారు సైతం ఇక్కడ లెక్క తప్పడం కద్దు.

ఇందుకు 2022 నాటి ఒక పత్రం మంచి ఉదాహరణ. ఆ ఏడాది జనవరి 17న కేంద్ర ప్రభుత్వం 6.54 శాతం వడ్డీతో పదేళ్ల బాండును జారీ చేసింది. 2032 జనవరి 17న దీని గడువు తీరుతుంది. వడ్డీ ఏడాదికి రెండు విడతలు, జనవరి 17న, జూలై 17న చెల్లుతుంది. బాండు వచ్చిన నాలుగు నెలలు తిరగకముందే వడ్డీ రేట్ల గాలి మారింది. మే 4న రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతం నుంచి 4.40కి, జూన్ 8న 4.90కి పెంచింది. కొత్త పత్రాలమీద అంతకన్న ఎక్కువ వడ్డీ దొరుకుతుండగా 6.54 శాతం పత్రాన్ని నూటికి నూరు పెట్టి కొనేవారు ఉండరు. జూలైలో దాని ధర 94 రూపాయల దరిదాపులకు దిగింది. ఇది ప్రభుత్వ చెల్లింపుమీద అనుమానం వల్ల వచ్చిన తగ్గుదల కాదు. కొత్త మిర్చి యార్డుకు చేరగానే కోల్డు స్టోరేజీలోని పాత సరుకు ధర సర్దుకున్నట్టే ఇదీ సర్దుకున్నది.

గుంటూరు వర్తకుడొకరు ముఖవిలువ పది లక్షలుగల ఈ బాండును 94 ధరకు కొన్నాడనుకుందాం. లెక్క సులువు కోసం జూలై 17 వడ్డీ చెల్లిన వెంటనే కొన్నట్టు భావిద్దాం. అతని చేతినుంచి పోయిన సొమ్ము 9,40,000 రూపాయలు. ప్రతి ఆరు నెలలకు 32,700 చొప్పున ఏడాదికి 65,400 రూపాయల వడ్డీ వస్తుంది. గడువు ఇంకా తొమ్మిదిన్నరేళ్లు. అంటే వడ్డీ విడతలు 19. చివరి విడతతోపాటు అసలు కింద పూర్తి పది లక్షలు చేతికి వస్తుంది.

పత్రంమీద అచ్చయిన 6.54 శాతమే కూపన్ రేటు. ఇది ముఖవిలువమీద కట్టిన వడ్డీ. ధర 94 అయినా 104 అయినా ఇది మారదు. కొనేవాడు పెట్టింది పది లక్షలు కాదు గనుక కూపన్ రేటు అతని రాబడిని చెప్పదు. ఆరు నెలలకు ఎంత సొమ్ము వస్తుందో లెక్క కట్టడానికి తప్ప దానికి మరో పని లేదు.

ఏటా వచ్చే 65,400 రూపాయలను పెట్టిన 9,40,000తో భాగిస్తే 6.96 శాతం వస్తుంది. దీనినే కరెంటు ఈల్డు అంటారు. కొట్టు కొని అద్దెకిచ్చినవాడు కొన్న ధరమీద అద్దె నూటికి ఎంత పడిందని చూసుకునే లెక్క ఇది. ఇందులో రేపు కొట్టు ఎంతకు అమ్ముడవుతుందన్న ఊసు లేదు. అలాగే బాండు గడువునాడు అదనంగా రాబోయే 60,000 రూపాయలు కరెంటు ఈల్డులో ఎక్కడా కనిపించవు.

ఆ అరవై వేలను కూడా కలుపుకుని చూసేది మూడవ రేటు, గడువు తీరేవరకు రాబడి. మార్కెట్‌లో దీనిని వై.టి.ఎం. అంటారు. ఈ బాండుకు అది 7.43 శాతం. కూపన్ 6.54, కరెంటు ఈల్డు 6.96, వై.టి.ఎం. 7.43: డిస్కౌంటులో ఉన్న పత్రానికి వరుస ఎపుడూ ఇదే. ఎవరైనా ఈ వరుస తప్పిన అంకెలు చెబితే, ధరలోనో లెక్కలోనో తప్పు ఉన్నదని అక్కడికక్కడే పట్టుకోవచ్చు.

చాలామంది తడబడేది ఈ మూడవ అంకె దగ్గరే. నోటిలెక్క వేసేవారు అరవై వేలను తొమ్మిదిన్నరేళ్లకు సమంగా పంచుతారు. ఏడాదికి 6,316 రూపాయలు వస్తుంది. దానిని 65,400కు కలిపి 9,40,000తో భాగిస్తే 7.63 శాతం తేలుతుంది. అంకె ఊరించేదిగానే ఉన్నది గాని అసలు రాబడి కన్న 20 పైసలు ఎక్కువ. ఏటా 6,316 చేతికి వస్తున్నట్టు ఈ లెక్క భావిస్తుంది. నిజానికి 2032 జనవరి దాకా అందులో పైసా కూడా రాదు.

మార్కెట్ రాబడి మారకుండా 7.43 వద్దనే నిలిచిందనుకున్నా బాండు ధర ఏటా సమంగా పెరగదు. మొదటి ఏడాది 94 నుంచి 94.45 దాకానే వెళుతుంది, అంటే 45 పైసలు. చివరి ఏడాది మాత్రం 84 పైసలు పెరుగుతుంది. సమంగా పంచితే ఏడాదికి 63 పైసలు రావాలి. పది లక్షల పత్రంమీద మొదటి ఏడు పెరిగే 4,500 రూపాయలను వడ్డీ 65,400కు కలిపి చూస్తే, పెట్టిన సొమ్ముమీద సుమారు 7.44 శాతమే అవుతుంది. వై.టి.ఎం. చెప్పేదీ దాదాపు ఇదే.

కాలిక్యులేటరు దగ్గర లేనపుడు పనికివచ్చే మోటు లెక్క ఒకటున్నది. 65,400కు 6,316 కలిపి, కొన్న ధరతో గాక కొన్న ధరకు, ముఖవిలువకు మధ్యనున్న సగటు 9,70,000తో భాగించాలి. 7.39 శాతం వస్తుంది. అసలు అంకెకు నాలుగు పైసల తేడా. బేరం దగ్గర ఇది చాలు, ఖాతాలో రాయడానికి చాలదు.

అసలు అంకె ఎలా తేలుతుంది? అర్ధ సంవత్సరానికి 3.716 శాతం చొప్పున రాబోయే ప్రతి విడతకు నేటి విలువ కట్టాలి. అలా కడితే 19 వడ్డీ విడతల నేటి విలువ సుమారు 4,40,000 రూపాయలు. తొమ్మిదిన్నరేళ్ల తరువాత వచ్చే పది లక్షల నేటి విలువ సుమారు 5,00,000. రెండూ కలిపితే కొన్న ధర 9,40,000కు సరిపోయింది. ఇలా సరిపోయే రేటును ఒకటి రెండుసార్లు వేసి చూసి పట్టుకోవలసిందే, దీనికి సూటి సూత్రం లేదు. 3.716ను రెండింతలు చేస్తే 7.43.

అయితే ఈ 7.43 ఊరికే దక్కేది కాదు. ప్రతి ఆరు నెలలకు వచ్చే 32,700 రూపాయలను తిరిగి అదే రేటుకు తిప్పినపుడే గడువునాటికి 9,40,000 రెట్టింపై 18,80,000 దాకా చేరుతుంది. అందులో సుమారు 2,58,700 రూపాయలు వడ్డీమీద వచ్చిన వడ్డీయే. వచ్చిన విడతలను ఆరు శాతానికి తిప్పగలిగిన వర్తకుడికి మొత్తంమీద 7.09 శాతం పడుతుంది. విడతలన్నీ వడ్డీ రాని కరెంటు ఖాతాలో పడివుంటే చివరకు తేలేది 16,21,300 మాత్రమే. అపుడు పెట్టిన సొమ్ముమీద చక్రవడ్డీ లెక్కన పడేది 5.82 శాతం. కూపన్ రేటు కన్న కూడా తక్కువ! బాండు ఒకటే, కొన్న ధర ఒకటే. తేడా అంతా వచ్చిన డబ్బును ఏం చేశారన్న దానిలోనే ఉన్నది.

ఇపుడు అసలు బేరానికి వద్దాం. అదే గడువుతో, ముఖవిలువకే దొరికే 7.20 శాతం పత్రం మరొకటి వర్తకుడి ముందు ఉన్నదనుకుందాం. దానికి మూడు రేట్లూ 7.20. కరెంటు ఈల్డు చూసి కొనేవాడు 6.96ను కాదని దీనిని తీసుకుంటాడు. వై.టి.ఎం. చూసేవాడు 7.43 ఉన్న పాత బాండునే ఎంచుకుంటాడు. ఎవరు ఒప్పు?

9,40,000 రూపాయలు రెండవ పత్రంలో పెడితే ఏడాదికి 67,680 వస్తుంది. పాత బాండుమీద కన్న 2,280 ఎక్కువ. తొమ్మిదిన్నరేళ్లకు ఈ ఎక్కువ మొత్తం 21,660. పాత బాండు ఇంతకు బదులుగా గడువునాడు 60,000 అదనంగా ఇస్తుంది. కూతురి పెళ్లికో, గోడౌను కట్టడానికో పదేళ్ల తరువాత సొమ్ము కావలసినవాడికి డిస్కౌంటు బాండే లాభం. పైగా తిరిగి తిప్పవలసిన విడత సొమ్ము కొంత తక్కువ గనుక రేట్లు దిగినపుడు దెబ్బా కొంత తక్కువే. ఆరు నెలలకు వచ్చే వడ్డీతో బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు వడ్డీ కట్టుకోవలసిన వర్తకుడికి మాత్రం 2032లో వచ్చే అరవై వేలు ఇవాళ అక్కరకు రావు. అతను కరెంటు ఈల్డు చూడటంలో తప్పేమీ లేదు. తాను చూస్తున్నది ఏ రేటో తెలిసి చూడాలి, అంతే.

గడువుదాకా ఆగనివాడికి 7.43 హామీ కాదు. మధ్యలో అమ్మితే ఆనాటి మార్కెట్ ధరే గతి. రేట్లు దిగితే లాభమే. 2025లో రిజర్వు బ్యాంకు రెపోను తగ్గిస్తూ జూన్‌లో 5.50కి దించింది. పదేళ్ల పత్రాల రాబడి ఆ వేసవిలో 6.3 శాతం దరిదాపులకు వచ్చింది. రాబడి 6.54 కన్న దిగితే ఈ బాండు ధర నూరు దాటుతుంది, మూడు రేట్ల వరుస తలకిందులవుతుంది. 2022 జూలైలో కొని ఏడాది తిరగకుండా అమ్మవలసి వచ్చినవారికి ఆ అవకాశం లేకపోయింది. 2023 ఫిబ్రవరి నాటికి రెపో 6.50 దాకా ఎక్కింది.

కంపెనీ బాండ్ల డిస్కౌంటు వేరే సంగతి. వై.టి.ఎం. లెక్క ప్రతి విడతా తేదీకి వస్తుందని నమ్మి వేసినది. చెల్లింపుమీద అనుమానంతో ధర కూలినపుడు కాగితంమీద రాబడి ఇరవై, ముప్పయి శాతం కనిపించవచ్చు. దీవాన్ హౌసింగ్ బాండ్ల ధరలు పడి ఊరించే రాబడులు కనిపించినపుడు కొన్నవారి అనుభవం ఇదే. 2019 జూన్‌లో ఆ కంపెనీ వడ్డీ చెల్లింపు తప్పింది. ఒకే గడువు గల ప్రభుత్వ పత్రం కన్న వై.టి.ఎం. చాలా ఎక్కువగా ఉంటే దానిని రాబడిగా గాక ప్రమాదానికి కట్టిన వెలగా చదువుకోవాలి.

కొనుగోలునాడు తగిలే చిన్న చిక్కు మరొకటి ఉన్నది. మార్కెట్‌లో చెప్పే 94 రూపాయలలో పేరుకున్న వడ్డీ చేరి ఉండదు. జూలై 17 తరువాత రెండు నెలలకు, సెప్టెంబరు 17న కొంటే, నెలకు 30 రోజులు, ఏడాదికి 360 రోజుల లెక్కన 60 రోజుల వడ్డీ 1.09 రూపాయలు అమ్మినవాడికి విడిగా చెల్లించాలి. పది లక్షల పత్రంమీద అది 10,900. బిల్లులో 9,50,900 చూసి ధర పెరిగిందని దలాలుతో తగవు పడనక్కర లేదు. జనవరి 17న పూర్తి 32,700 కొన్నవాడికే వస్తుంది గనుక ఆ సొమ్ము తిరిగి చేరినట్టే. కరెంటు ఈల్డును మాత్రం 95.09తో గాక 94తోనే భాగించి చూసుకోవాలి.