సాయంత్రం ఖాళీ లేదమ్మా!

అమలాపురంలో మా వీధిలో రిటైరైన లెక్కల టీచరుగారు ఒకరు ఇంట్లో ట్యూషన్ చెబుతారు. ఐదింటి నుంచి ఆరింటిదాకా ఆరుగురు ఏడో తరగతి పిల్లలు, తరువాత ఏడింటిదాకా ఆరుగురు పదో తరగతి వాళ్ళు. ఆ పైన వంటపని ఉండనే ఉంది. మొన్న ఒకావిడ వచ్చి, "మావాడు ఎనిమిదో తరగతండీ, ఓ మూల కూర్చుంటాడు" అని బతిమాలింది.

"మూల ఉందమ్మా, వేళే లేదు" అన్నారు టీచరుగారు.

గంటను ఆరుగురికి పంచితే తలకు పది నిమిషాలు. వేరే తరగతివాడికి పాఠం విడిగా చెప్పాలి. దానికి ఇరవై నిమిషాలు పోతే, మిగతావాళ్ళకు ఏడేసి నిమిషాలైనా దక్కవు. తప్పెక్కడ పడిందో చూసే తీరిక పోయి, నోటుపుస్తకంలో టిక్కు మాత్రం మిగులుతుంది.

అయినా ఉత్తచేతులతో పంపలేదు. అబ్బాయి పుస్తకం తిరగేశారు. 1/2కి 1/3 కలిపి 2/5 అని వేశాడు. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేశాడన్నమాట! "సగానికి ఇంకొంత కలిపితే సగంకంటే తగ్గుతుందా అని అడగండి. పదిరోజులు రోజూ ఐదేసి లెక్కలు దగ్గర కూర్చుని చేయించండి. జూన్‌లో చోటుంటే ముందు మీకే కబురు చేస్తాను" అన్నారు.

బడిలో పనిచేసే టీచర్నే అడగబోతే ఇంకో సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ వారిని ప్రైవేటు ట్యూషన్ చెప్పవద్దంటుంది. వారు కాదంటే నొచ్చుకోకండి.