ప్రార్థన సమావేశంలో ఒక ప్రసంగం: వైరల్ సందేశాన్ని పరీక్షించడం

పాఠశాలలో ఉదయం ప్రార్థన, ప్రతిజ్ఞ అయ్యాక ఒక విద్యార్థి ఆనాటి వార్తలు చదవడం మీలో చాలామంది ఎరిగినదే. పూర్వం ఆ వార్తలను దినపత్రిక నుంచో రేడియో నుంచో రాసుకొచ్చేవారు. ఇప్పుడు ఇంట్లో పెద్దల ఫోన్ నుంచి కూడా వస్తున్నాయి. మనం ఇక్కడ పరిశీలించబోయే ప్రసంగం అలాంటి ఒక వార్త చీటీ నుంచి పుట్టింది.

ఒక గ్రామీణ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి విద్యార్థి తన చీటీలో మూడో వార్తగా ఇలా రాసుకున్నాడు: "మన మండలంలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోంది. నిన్న ఆడుకుంటున్న బాబును బైకు మీద ఎత్తుకుపోయారు. అందరికీ పంపండి." చదివే ముందు చీటీ చూసే బాధ్యత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలిది. ఆమె ఆ వార్తను ఆపి, ఎక్కడిదని అడిగితే, "మా బాబాయి ఫోన్‌లో వీడియో కూడా ఉంది టీచర్" అన్నాడు. అదే వారంలో దుప్పట్లు అమ్ముకోవడానికి వచ్చిన పొరుగు రాష్ట్రం మనుషులు ఇద్దరు ఆ ఊళ్ళో తిరుగుతున్నారు. బస్టాండు దగ్గర కొందరు వారిని అప్పటికే నిలదీశారు. అందుకే ఆమె ఆ రాత్రి సందేశాన్ని పరీక్షించి, మర్నాడు ప్రార్థన సమావేశంలో ఎనిమిది నిమిషాలు మాట్లాడారు. ఆమె ఒకప్పుడు నా విద్యార్థిని కావడం వల్ల ఆ ప్రసంగం కాగితాలు నాకు చూడటానికి దొరికాయి.

మొదటి వాక్యం ఏది కావాలి?

ఇలాంటి ప్రసంగాన్ని చాలామంది పుకారుతోనే మొదలుపెడతారు. "పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా వచ్చిందని ఒక వార్త తిరుగుతోంది" అని మైకులో చెప్పి, తరువాత అది అబద్ధమంటారు. ఇందులో ఒక ప్రమాదం ఉంది. మైదానంలో వెనుక వరుసలో నిలబడ్డ ఆరో తరగతి పిల్లవాడికి మొదటి మాట వినిపిస్తుంది, రెండోది వినిపించదు. సాయంత్రం ఇంటికి వెళ్ళి, "ముఠా వచ్చిందని మా టీచరే చెప్పింది" అంటాడు. పుకారుకు బడి ముద్ర పడిపోతుంది.

ఈ ఉపాధ్యాయురాలు తేలిన విషయంతోనే మొదలుపెట్టారు: "పిల్లలూ, మీ ఇళ్ళలో ఫోన్లలో తిరుగుతున్న బైకు వీడియో మన మండలంలో తీసింది కాదు. మన దేశంలో తీసింది కూడా కాదు. పాకిస్తాన్‌లోని కరాచీ నగరంలో 2016లో తీసింది. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని పెద్దలకు చెప్పడానికి కావాలని నటించి తీశారు. ఈ సంగతి నాకెలా తెలిసిందో ఇప్పుడు చెబుతాను."

చిత్తుప్రతిలో ఈ వాక్యాల తరువాత "మన మండలంలో ఎవరూ ఎవరినీ ఎత్తుకుపోలేదు" అని ఉంది. దాన్ని కొట్టేసి, "అలాంటి ఫిర్యాదు ఏదీ రాలేదని మన పోలీసు స్టేషన్‌లో చెప్పారు" అని మార్చారు. ఈ దిద్దుబాటు నాకు బాగా నచ్చింది. ఆమెకు తెలిసింది ఫిర్యాదు రాలేదన్నంత వరకే. అబద్ధాన్ని ఖండించేవారు కూడా తమకు తెలిసినదానికంటే ఒక్క మాట ఎక్కువ చెప్పకూడదు.

సందేశంలో ఏది ఏం చెబుతోంది?

తరువాత ఆమె సందేశాన్ని రెండు ముక్కలు చేశారు. ఒకటి వీడియో, రెండు దాని కింద రాసిన మాటలు. "వీడియోలో ఏముంది? వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. బైకు మీద ఇద్దరు వచ్చారు. ఒక బాబును లాక్కుని వెళ్ళిపోయారు. అంతే. ఇది మన మండలమని వీడియో చెప్పిందా? నిన్న జరిగిందని చెప్పిందా? చెప్పలేదు. ఆ రెండూ కింద ఎవరో రాసిన మాటలు. ఎవరు రాశారు? పేరు లేదు. ఏ ఊరు? లేదు. ఏ తేదీ? అదీ లేదు. 'నిన్న' అని ఉంది. ఈ సందేశాన్ని వచ్చే ఏడాది చదివినా 'నిన్న' అనే ఉంటుంది."

పరీక్షకు ఇదే పునాది. వైరల్ సందేశాల్లో చాలావాటిలో దృశ్యం నకిలీది కాదు, దానికి తగిలించిన ఊరు, కాలం నకిలీవి. కాబట్టి "ఇది నిజమా, అబద్ధమా" అని మొత్తాన్ని ఒకేసారి తేల్చబోతే ఎటూ తేలదు. "ఈ దృశ్యం ఎక్కడిది, ఎప్పటిది, మొదట ఎవరు పెట్టారు" అని అడిగితే వెతకడానికి దారి దొరుకుతుంది.

వెతికిన పద్ధతి

ఆమె వీడియోను మూడుచోట్ల ఆపి, మూడు స్క్రీన్‌షాట్లు తీసుకున్నారు. ఒకటి వీధి స్పష్టంగా కనిపించేది, రెండోది బాబును లాగే క్షణం, మూడోది చివరి దృశ్యం. ప్రతి స్క్రీన్‌షాట్‌లో పైనా కిందా ఉన్న ఫోన్ గుర్తులను, వీడియో మీద అతికించిన తెలుగు అక్షరాలను కత్తిరించారు. ఈ పని అనవసరంగా కనిపించవచ్చు. కానీ చిత్రాన్నిబట్టి వెతికే సాధనం ఆకారాలను, రంగుల అమరికను పోల్చి చూస్తుంది. మనవాళ్ళు అతికించిన పెద్ద అక్షరాలు అలాగే ఉంటే అది వాటివెంట పోతుంది. కత్తిరించిన చిత్రాలను గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతికారు. మొదటి చిత్రానికి పనికివచ్చేది ఏదీ రాలేదు. రెండోదానికి ఇదే దృశ్యమున్న పేజీలు వచ్చాయి. ఒక్క చిత్రంతో వదిలేస్తే ఏమీ దొరకలేదనే అనుకునేవారు.

ఫలితాల్లో మొదట కనబడ్డదాన్ని కాక, అన్నిటికంటే పాతదాన్ని ఆమె వెతికారు. అలా ఈ వీడియోను కరాచీలో పిల్లల భద్రత కోసం పనిచేసే రోష్నీ హెల్ప్‌లైన్ అనే సంస్థ కోసం తీశారని తెలిసింది. పూర్తి వీడియో కూడా దొరికింది. అందులో బైకు మళ్ళీ వెనక్కు వస్తుంది. బాబును దించేస్తారు. కరాచీ వీధుల్లో పిల్లవాణ్ణి ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలునన్న అర్థంతో రాసిన అట్టను చూపిస్తారు. మన ఫోన్లకు వచ్చినదానిలో ఈ చివరి భాగం లేదు. ఎవరో కత్తిరించారు. జాగ్రత్త చెప్పడానికి తీసింది భయపెట్టడానికి పనికివచ్చింది.

ఇక్కడ ఒక తర్కాన్ని మీరు స్పష్టంగా పట్టుకోవాలి. నిన్న జరిగిందన్న దృశ్యం 2016లోనే ఉందంటే ఆ సందేశం అబద్ధమని తేలిపోయినట్టే. కానీ వెతికినా పాత ప్రతి దొరకకపోతే సందేశం నిజమని తేలినట్టు కాదు. చిత్రాన్ని అద్దంలోలా తిప్పేసినా, బాగా మసకబారినా, నిజంగా కొత్తదైనా సాధనానికి చిక్కకపోవచ్చు. అక్షరాలు మాత్రమే ఉన్న సందేశానికి, గొంతు మాత్రమే ఉన్న ఆడియోకు ఈ పద్ధతి పనికేరాదు. అప్పుడు ఫోన్ చేసి అడగడమే దారి. సందేశంలో చెప్పిన ఊరి పోలీసు స్టేషన్‌నో, ఆ ఊళ్ళో మనకు తెలిసినవారినో అడగాలి. "మా బావమరిది స్నేహితుడు చూశాడట" అన్నప్పుడు ఆ గొలుసును పట్టుకుని ఒక్కొక్కరినీ అడుగుతూ పోతే, కళ్ళతో చూసిన మనిషి దొరకాలి. నా అనుభవంలో రెండో మనిషి దగ్గరే గొలుసు తెగిపోతుంది.

వాట్సాప్‌లో కనబడే జంట బాణాల గుర్తు గురించి ఆమె ఒక్క మాటతో సరిపెట్టారు. సందేశం చాలామంది చేతులు మారి వచ్చిందని ఆ గుర్తు చెబుతుంది. నిజానిజాలను చెప్పదు. చాలామంది పంపారు కాబట్టి నిజమనుకునేవారే ఎక్కువ గనుక, ఆ మాట అవసరమే.

2018 ప్రస్తావన

ప్రసంగంలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇది. ఇదే వీడియో, ఇలాంటి సందేశాలు 2018లో దేశమంతా తిరిగాయి. ఆ జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామంలో, భిక్షాటనకు వచ్చిన సంచార కులానికి చెందిన ఐదుగురిని పిల్లల దొంగలన్న అనుమానంతో జనం కొట్టి చంపారు. అదే నెలలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పల్లెలకు పోలీసులను పంపి, డప్పులతో, జానపద పాటలతో ఈ పుకార్లను నమ్మవద్దని చెప్పించారు.

పదేళ్ళ పిల్లలున్న సభలో హత్య గురించి ఎంతవరకు చెప్పాలి? ఆమె ఎలా కొట్టారో చెప్పలేదు. "ఐదుగురు భిక్షకు వచ్చారు. సందేశాన్ని నమ్మిన జనం వాళ్ళను చంపేశారు. వాళ్ళు ఏ పిల్లవాణ్ణీ ఎత్తుకుపోలేదు" అని మూడు వాక్యాలతో ఆపారు. తరువాత దుప్పట్ల వాళ్ళ ప్రస్తావన తెచ్చారు: "మన ఊళ్ళో దుప్పట్లు అమ్మే అన్నలు ఇద్దరున్నారు. వాళ్ళ భాష మనకు రాదు. భాష రాకపోవడం నేరం కాదు." వారిని గురించి ఇంతకంటే చెప్పి ఉంటే, అందరి చూపూ మళ్ళీ వారి మీదే పడేది.

పిల్లలు ఇంట్లో ఏం చేయగలరు?

ఫోన్ పిల్లలది కాదు. బాబాయితో "నువ్వు పంపింది అబద్ధం" అని తొమ్మిదో తరగతి కుర్రాడు అనలేడు, అంటే దెబ్బలు తింటాడు. ఆమె పిల్లలకు ఒక ప్రశ్న మాత్రమే నేర్పారు: "బాబాయ్, ఇది ఏ ఊళ్ళో, ఏ రోజు జరిగింది?" ఇందులో ఎదిరింపు లేదు. సమాధానం లేదన్న సంగతి బాబాయికే తెలుస్తుంది.

చివర ఒక ఏడో తరగతి అమ్మాయి చెయ్యెత్తి, "మరి నిజంగానే ఎవరైనా వస్తే టీచర్?" అని అడిగింది. ఇది తప్పక వచ్చే ప్రశ్న. ప్రసంగం రాసుకునేవారు దీనికి సమాధానం ముందే సిద్ధం చేసుకోవాలి. పిల్లల అపహరణలు అసలే జరగవని చెబితే అది మరో అబద్ధం. ఆమె ఇలా చెప్పారు: "గట్టిగా అరవండి, దగ్గర్లో ఉన్న పెద్దవాళ్ళ దగ్గరకు పరుగెత్తండి. 112కు గాని, పిల్లల సహాయం కోసం 1098కి గాని ఫోన్ చేయించండి. వాట్సాప్‌లో పెట్టడం ఆ తరువాత సంగతి."

మర్నాడు వార్తలు చదివే వంతు మళ్ళీ అదే విద్యార్థికి ఇచ్చారు. ఈసారి అతని చీటీలో రెండు వార్తలే ఉన్నాయి. ఒక్కోదాని పక్కన ఊరు, తేదీ, ఏ పత్రిక నుంచి తీసుకున్నాడో పెన్సిలుతో రాసి ఉంది.