రోగి మైనస్ మూడు రోజులు ఉంటాడా?

ఎం.ఎస్సీ. నర్సింగ్ థీసిస్‌లో ఫలితాల అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి చాలామంది చేసే మొదటి పని, కనిపించిన ప్రతి అంకెకూ సగటు కట్టేయడం. వయసుకు సగటు, మార్కులకు సగటు, వార్డులో ఉన్న రోజులకు సగటు. కంప్యూటర్ ఏది అడిగినా ఇస్తుంది. ఆ సగటు రోగుల సంగతి నిజంగా చెబుతోందా అన్నది మాత్రం రాసేవాళ్లే చూసుకోవాలి.

లెక్క సులువుగా ఉండేలా ఒక చిన్న ఉదాహరణ అనుకుందాం. ఒక ఆపరేషన్ తర్వాత 11 మంది రోగులు వార్డులో ఉన్న రోజులు ఇవి: 3, 3, 4, 4, 4, 5, 5, 6, 6, 7, 41. చివరి రోగికి కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చి 41 రోజులు ఉండిపోయాడు. మొత్తం 88 రోజులు, 11తో భాగిస్తే సగటు 8. కానీ జాబితా మళ్లీ చూడండి. పది మంది వారం లోపే ఇంటికి వెళ్లారు. ‘రోగులు సగటున 8 రోజులు ఉన్నారు’ అని రాస్తే ఆ పది మందిలో ఒక్కరికీ అది వర్తించదు.

అదే రోజులను చిన్నది నుంచి పెద్దదానికి వరుసగా పేర్చి సరిగ్గా నడిమి అంకెను, అంటే ఆరోదాన్ని, తీసుకుంటే 5 వస్తుంది. దీన్నే మధ్యగతం, వాడుకలో మీడియన్ అంటారు. ఆ చివరి రోగి 41 రోజులకు బదులు 90 రోజులు ఉన్నా మీడియన్ 5 దగ్గరే నిలబడుతుంది. సగటు మాత్రం 12 దాటిపోతుంది.

వందల అంకెలున్న అసలు డేటాలో ఇలా కంటితో చూసి పట్టుకోవడం కష్టం. అక్కడ పనికొచ్చేది స్టాండర్డ్ డీవియేషన్. అంకెలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో అది చెబుతుంది. మన ఉదాహరణలో అది దాదాపు 11. టేబుల్‌లో ‘8 ± 11’ అని రాస్తే, 8లోంచి 11 తీసేస్తే మైనస్ 3 వస్తుంది. ఏ రోగీ వార్డులో మైనస్ మూడు రోజులు ఉండడు. సున్నాకు దిగువకు వెళ్లలేని కొలతల్లో స్టాండర్డ్ డీవియేషన్ సగటులో సగానికి మించిందంటే, అంకెలు ఒక పక్కకు సాగిపోయాయని అనుమానించాలి. హిస్టోగ్రామ్ గీసి చూస్తే కుడివైపు పొడవాటి తోక కనిపించి అనుమానం తీరుతుంది.

అలాంటప్పుడు మీడియన్‌తో పాటు నడిమి సగం మంది ఏ హద్దుల మధ్య ఉన్నారో ఇవ్వాలి. దాన్ని ఇంటర్‌క్వార్టైల్ రేంజ్ అంటారు. ఇక్కడ అది 4 నుంచి 6 రోజులు. అప్పుడు వాక్యం ఇలా ఉంటుంది: ‘వార్డులో ఉన్న రోజుల మీడియన్ 5, ఇంటర్‌క్వార్టైల్ రేంజ్ 4–6, ఒక రోగి ఇన్ఫెక్షన్ వల్ల 41 రోజులు ఉన్నాడు.’ ఆ రోగిని డేటాలోంచి తీసేస్తే సగటు 4.7కు దిగి చూడముచ్చటగా ఉంటుంది కానీ, 41 అన్నది టైపింగ్ పొరపాటు కాదని కేస్‌షీట్ చెబుతున్నప్పుడు అలా తీసేయడం తప్పు. నర్సింగ్ పరంగా అన్నిటికన్నా గమనించాల్సిన రోగి అతనే.

అలాగని సగటును పక్కన పెట్టేయనక్కర్లేదు. ఆ 11 మందికి మొత్తం ఎన్ని పడక-రోజులు ఖర్చయ్యాయన్నది ప్రశ్న అయితే సగటే కావాలి. దాన్ని రోగుల సంఖ్యతో గుణిస్తే 88 తిరిగి వస్తుంది, మీడియన్‌తో రాదు. ప్రీ-టెస్ట్, పోస్ట్-టెస్ట్ మార్కులు నడిమి అంకెకు అటూ ఇటూ సమంగా పరుచుకుని ఉంటే సగటు, స్టాండర్డ్ డీవియేషన్ జంటే సరైనది. ఇక స్త్రీ, పురుషులకు 1, 2 అని కోడ్ ఇచ్చాక కంప్యూటర్ 1.6 సగటు చూపిస్తే దానికి అర్థమే లేదు. అక్కడ ఎంతమంది, ఎంత శాతం అన్నదే చెప్పాలి.

శాతంలో చిక్కంతా దేనిలో శాతమన్న దగ్గరే వస్తుంది. 60 మంది స్టాఫ్ నర్సులకు ప్రశ్నావళి ఇస్తే, ఒక ప్రశ్నకు 54 మందే జవాబిచ్చి, అందులో 27 మంది ‘అవును’ అన్నారనుకోండి. జవాబిచ్చినవాళ్లలో అది 50 శాతం, మొత్తంలో 45 శాతం. రెండూ నిజమే కాబట్టి ‘54 మందిలో 27 మంది (50%)’ అని రాసి, ఆరుగురు జవాబివ్వలేదని టేబుల్ కింద చెప్పాలి. అలాగే ఇంత చిన్న శాంపిల్‌లో 48.15 శాతం లాంటి అంకెలు లేని కచ్చితత్వాన్ని చూపిస్తాయి. 54 మందిలో ఒక్కరు అటు మారితేనే దాదాపు 2 శాతం కదులుతుంది. వంద లోపు శాంపిల్‌కు దశాంశం లేని శాతం చాలు.

టేబుల్ గైడ్‌కు చూపించేముందు ప్రతి వరుసను మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. సగటులోంచి స్టాండర్డ్ డీవియేషన్ తీసేస్తే వచ్చే అంకె నిజంగా సాధ్యమేనా? ప్రతి శాతం పక్కనా దాని మొత్తం ఉందా? వరుసల్లోని మనుషులను కూడితే శాంపిల్ సంఖ్య వస్తోందా? వైవాలో ఎగ్జామినర్ పెన్ను ముందుగా ఆగేది ఈ మూడింటి దగ్గరే.